కాఫీ రుచి చూసే సాయంత్రం: పులుపు, తీపి, చేదు గుర్తుపట్టేలా నాలుగు మాటలు ఎలా చెప్పాలి?

స్నేహితులు అయిదారుగురు కలిసి ఒక సాయంత్రం కాఫీలు రుచి చూద్దాం అనుకున్నప్పుడు, మొదట ఎవరో ఒకరు నాలుగు మాటలు చెప్పాలి. ఆ పని మీ మీద పడితే కాఫీ ఎక్కడ పుట్టింది, ఎవరు తెచ్చారు అన్న కథల జోలికి వెళ్ళకండి. వచ్చినవాళ్ళకి కావలసింది ఒక్కటే: నోట్లో ఉన్నది పులుపో, తీపో, చేదో ఎలా తెలుస్తుంది? దీనికి అయిదు నిమిషాలు చాలు. అయితే ఆ అయిదు నిమిషాలూ వాళ్ళ చేతిలో కప్పు ఉండాలి. ఒక మాట చెప్పడం, ఒక గుక్క తాగించడం, వాళ్ళు చెప్పింది వినడం, ఆ తర్వాతే రుచి పేరు చెప్పడం. ముందే పేరు చెప్పేస్తే అందరూ మీరు చెప్పిందే వెతుక్కుంటారు.

నాకు తెలిసినంతలో దీనికి అన్నిటికంటే మంచి మార్గం మూడు రకాల కాఫీలు పెట్టడం కాదు, ఒకే కాఫీని మూడు ముక్కలుగా దించడం. వేడి నీళ్ళు పొడిలోని సారాన్నంతా ఒకేసారి లాగవు. పుల్లటి ఆమ్లాలు తొందరగా కరిగి ముందు దిగుతాయి. చేదు, వగరు ఇచ్చే పదార్థాల్లో చాలావరకు నెమ్మదిగా, చివరిదాకా దిగుతూనే ఉంటాయి. అందుకే మొదట దిగిన డికాక్షన్, మధ్యలోది, చివరిది వేర్వేరు కప్పుల్లో పడితే మీ ప్రసంగంలో సగం ఆ కప్పులే చెప్పేస్తాయి.

మొదటి దశ: కాఫీ ఎంచుకోవడం

చికోరీ కలపని అరబికా తీసుకోండి. చికోరీకి దాని చేదు దానికి ఉంది, అది కలిస్తే కాఫీ గింజ రుచి ఏదో, చికోరీ వేరు రుచి ఏదో విడదీయలేం. ప్యాకెట్ మీద కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అని రాసి ఉంటుంది, చూసుకోండి. వేపుడు మధ్యస్థంగా ఉండాలి. నల్లగా, నూనె తేలేలా వేయించిన గింజలో పులుపు చాలావరకు పోయి ఉంటుంది, ఈ పాఠానికి పనికిరాదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా మన చేతికి అందేదే. చిక్కమగళూరు అరబికా అయినా సరే. పొడి మామూలు ఫిల్టర్ కాఫీ పొడి కంటే ముతకగా, ఇంచుమించు బొంబాయి రవ్వ సైజులో ఆడించండి.

నీళ్ళ విషయం చాలామంది పట్టించుకోరు. బోరు నీళ్ళు కఠినంగా ఉంటే వాటిలోని క్షారం కాఫీ పులుపుని చంపేస్తుంది, కప్పు చప్పగా మిగులుతుంది. తాగడానికి వాడే మంచినీళ్ళే కాఫీకీ పెట్టండి.

రెండో దశ: మూడు కప్పులు దించడం

కాగితం ఫిల్టర్ పెట్టే కోన్ ఉంటే పని సులువు. ఇరవై నాలుగు గ్రాముల పొడి వేసి, మరిగి దింపిన నీళ్ళు మొత్తం 360 మిల్లీలీటర్లు, మూడు వంతులుగా పోయండి. మొదటి 120 మి.లీ. పోశాక కారడం బాగా తగ్గేదాకా ఆగి కింది గిన్నె మార్చండి. రెండో 120, మళ్ళీ గిన్నె మార్చడం, మూడో 120. మొదటి గిన్నెలో డెబ్భై, ఎనభై మి.లీ. మాత్రమే దిగుతుంది. మిగతాది పొడి పీల్చుకుంటుంది కాబట్టి కంగారు పడక్కర్లేదు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త తప్పనిసరి. మొదటి గిన్నెలోది చాలా చిక్కగా ఉంటుంది. అలాగే ఇస్తే జనం ముఖం చిట్లించి "చేదు" అంటారు, నిజానికి వాళ్ళకి తగిలింది గాఢత. అందుకని దానికి రెండింతల వేడి నీళ్ళు కలపండి. రెండోది, మూడోది ఉన్నవున్నట్టే ఉంచండి. గిన్నెలకి ఒకటి, రెండు, మూడు అని చీటీలు అతికించండి, రుచుల పేర్లు మాత్రం రాయకండి. ఇవి కాక అదే పొడితో, అదే కొలతతో, విడదీయకుండా ఒకసారి కాఫీ దించి ఫ్లాస్కులో పోసి ఉంచండి. దాని అవసరం చివర్లో వస్తుంది.

మిర్చి బజ్జీలు, పకోడీలు ప్రసంగం అయ్యాకే బయటికి రావాలి. కారం తగిలిన నాలుకకి ఈ తేడాలు అందవు. గదిలో అగరొత్తులు కూడా వద్దు. కాఫీలో తీపి చాలావరకు ముక్కుతో తెలిసేదే, ఎలాగో కింద చెప్తాను.

మూడో దశ: మొదటి నిమిషం

పొగలు కక్కే కాఫీలో వేడి తప్ప ఏదీ తెలియదు. కాస్త ఆరి, గుక్క ధైర్యంగా నోట్లో పట్టగలిగినప్పుడే పులుపు, తీపి విచ్చుకుంటాయి. కప్పులు అందించాక అవి ఆరే సమయాన్నే మీ మొదటి మాటలకి వాడుకోండి. ఇలా చెప్పవచ్చు:

"అందరూ ఒక్కసారి ఉగాది పచ్చడి గుర్తు తెచ్చుకోండి. చింతపండు తగలగానే ఏమయింది, వేపపువ్వు తగిలాక ఏమయింది, మామిడి పిందె కొరికితే నాలుక ఎలా అయింది? అవే మూడు మనకి ఈ కప్పుల్లో వస్తాయి, చాలా మెల్లగా. నాలుక మీద ఎక్కడ తగిలింది అని చూడకండి, ఎప్పుడు తగిలింది, ఎంతసేపు ఉంది అని చూడండి."

ఆ చివరి వాక్యం వదలకండి. నాలుక కొసన తీపి, పక్కల పులుపు, వెనక చేదు అని స్కూల్లో చూసిన బొమ్మ చాలామంది బుర్రలో ఉంది. 1901లో జర్మనీలో వచ్చిన ఒక పరిశోధనని తర్వాతివాళ్ళు తప్పుగా అర్థం చేసుకోవడంతో ఆ బొమ్మ పుట్టింది. రుచి తెలిసే మొగ్గలు ఉన్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. చోటుని నమ్ముకుని వెతికేవాళ్ళకి ఏదీ దొరకదు. కాలాన్ని గమనించేవాళ్ళకి దొరుకుతుంది.

నాలుగో దశ: మూడు గుక్కలు

ఒకటో కప్పు. "కొంచెం నోట్లోకి తీసుకుని నోరంతా తిప్పి మింగండి. పెదాలు మూసుకుని మూడు అంకెలు లెక్కపెట్టండి. దవడల దగ్గర నీళ్ళు ఊరాయా?" ఊరితే అది పులుపు. పులుపు వెంటనే తగులుతుంది, లాలాజలం తెప్పిస్తుంది, తొందరగా వెళ్ళిపోతుంది. వాళ్ళు తలూపాక మాత్రమే ఆ పేరు చెప్పండి. ఎవరైనా ఇది చేదని పట్టుబడితే వాదించకండి. పులుపుని చేదనడం అందరిలో కనిపించే తికమకే. ఒక గ్లాసు నీళ్ళలో అర చెంచా నిమ్మరసం కలిపి పక్కన పెట్టుకోండి. అది ఒక గుక్క, కాఫీ ఒక గుక్క తాగిస్తే వాళ్ళకే తేలిపోతుంది.

రెండో కప్పులో తీపి. ఇదే కష్టమైనది, ఇక్కడ తొందరపడకండి. పచ్చి అరబికా గింజలో చక్కెర బాగానే ఉంటుంది, కానీ వేయించేటప్పుడు దాదాపు అంతా మాడి కారమెల్ వాసనలుగా మారిపోతుంది. కప్పులో మిగిలే చక్కెర నాలుకకి తెలిసేంత ఉండదు. మరి తియ్యగా అనిపించేదేమిటి? ఆ వాసన నోటి వెనకనుంచి ముక్కుకి ఎక్కడం. ఇది మాటలతో చెప్తే ఎవరూ నమ్మరు, చేసి చూపించాలి: "ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తీసుకోండి. మింగండి. ఇప్పుడు వేళ్ళు వదలండి." వేళ్ళు వదిలిన క్షణంలో బెల్లం పాకం లాంటిదో, వేయించిన పల్లీ లాంటిదో ఏదో ఒకటి ఒక్కసారిగా వచ్చి నిలుస్తుంది. గదిలో ఎవరో ఒకరు "అరే!" అంటారు. అప్పుడు చెప్పండి, కాఫీలో తీపి అంటే మనం వెతకాల్సింది అదేనని. పంచదార పాకం కోసం చూస్తే నిరాశే. పులుపు పదును తగ్గి, చేదు ఇంకా రాకుండా, గుక్క మెత్తగా జారడం కూడా దానికి గుర్తే.

మూడో కప్పు పలచగా ఉంటుంది, కాబట్టి మీరే ముందుగా అనండి: "నీళ్ళలా ఉందని మొదటి గుక్కకే పక్కన పెట్టకండి. మింగి పది అంకెలు లెక్కపెట్టండి." చేదు ఆలస్యంగా వస్తుంది, గొంతు దగ్గర ఉండిపోతుంది. పది అంకెలయ్యాక కూడా మిగిలింది ఏదో అడగండి. తర్వాత నాలుకని పై అంగిలికి రుద్ది చూడమనండి. గరుగ్గా, పొడిబారినట్టు ఉంటే అది వగరు. చేదు రుచి, వగరు స్పర్శ. రెండూ కలిసే వస్తాయి గనక జనం రెంటినీ చేదు కిందే రాసేస్తారు.

చేదు అంతా కెఫీన్ వల్లే కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. కాదు. జర్మనీలో ఆహార రసాయన శాస్త్రవేత్త థామస్ హాఫ్‌మన్ బృందం 2007లో చూపించినదాని ప్రకారం కాఫీ చేదులో కెఫీన్ వాటా సుమారు 15 శాతమే. మిగతాది ఎక్కువగా గింజలోని క్లోరోజెనిక్ ఆమ్లాలు వేపుడులో విరిగి తయారయ్యే పదార్థాలది. వేపుడు ముదిరేకొద్దీ ఆ పదార్థాలు ఇంకా ఘాటైన చేదుగా మారతాయి. డార్క్ రోస్ట్ అలా ఉండటానికి కారణం ఇదే.

అయిదో దశ: ఫ్లాస్కు తీయడం

ఇప్పుడు విడదీయకుండా దించిన కాఫీ పోయండి. కొత్త రుచులేవీ చెప్పకండి. "ముందు తగిలినదేది, మధ్యలో ఉన్నదేది, చివర మిగిలినదేది?" అని అడిగి వదిలేయండి. ఇందాక విడివిడిగా పట్టుకున్న మూడూ ఇప్పుడు ఒకే గుక్కలో వరుసగా వస్తాయి. ఒకరికి చేదు ఎక్కువ తెలియవచ్చు, ఇంకొకరికి పులుపే ముందుండవచ్చు. చేదుని గుర్తించే శక్తి పుట్టుకతోనే మనిషికో తీరుగా ఉంటుంది, అందుకని ఎవరి జవాబునీ దిద్దకండి.

అనుకున్నట్టు రాకపోతే కారణం కప్పులోనే ఉంటుంది. ఒకటో కప్పులో నోరు ఊరకపోతే వేపుడు ముదిరిందో, నీళ్ళు కఠినమో. మూడో కప్పులో చేదు రాకపోతే పొడి మరీ ముతక, నీళ్ళు నిలవకుండా జారిపోయాయి. మూడు కప్పుల్లోనూ చేదే ఉంటే పొడి మరీ సన్నం. ప్రసంగానికి ముందురోజు ఒకసారి దించి చూసుకుంటే ఈ మూడూ దిద్దుకోవచ్చు.

ఇంకా సమయం ఉంటే మూడో కప్పులో మిగిలిన కాఫీని రెండు గ్లాసుల్లో సగం సగం పోయండి. ఒకదాంట్లో నాలుగైదు ఉప్పు రవ్వలు వేసి కలిపి, ఏది ఏదో చెప్పకుండా ఇవ్వండి. సోడియం చేదుని నాలుక దగ్గరే అణిచేస్తుంది కాబట్టి ఉప్పు వేసినదే మెత్తగా ఉందంటారు. ఉప్పదనం తెలిసిపోతే ఎక్కువైనట్టే. మిగిలిన కాఫీతో ఇంకా తక్కువ వేసి మళ్ళీ ఇవ్వండి.