వారం వారం జరిగే కాల్‌కి ఒకే తీరు సారాంశం: టెంప్లేట్ ఎలా తయారు చేసుకోవాలి?

హైదరాబాద్‌లో టీమ్, డాలస్‌లో క్లయింట్, మధ్యలో ప్రతి గురువారం రాత్రి ఒక కాల్ అనుకుందాం. సారాంశం ఒక వారం ఒకరు రాస్తారు, ఇంకో వారం ఇంకొకరు, ఎవరి తీరు వాళ్లది. దాంతో పేమెంట్ పేజీ సంగతి ఎప్పుడు తేల్చామో తెలియాలంటే పాత మెయిళ్లన్నీ మొదట్నుంచి చదవాల్సి వస్తుంది.

ముందు నాలుగైదు పాత సారాంశాలు తీసి, వాటిని పంపాక కూడా జనం మళ్లీ ఏం అడిగారో చూడండి. ఎక్కువగా వచ్చేవి ఇవే: ఏం తేల్చాం, ఎవరు చేస్తారు, పోయిన వారం పని ఏమైంది. టెంప్లేట్‌లో ఉండాల్సినవి ఆ జవాబులే. ఎవరి తర్వాత ఎవరు ఏం మాట్లాడారన్నది అక్కర్లేదు.

```
తేదీ:
వచ్చినవారు / రానివారు:
1. నిర్ణయాలు (ఏమిటి, ఎందుకు)
2. కొత్త పనులు (ఎవరు, ఏమిటి, ఎప్పటికి)
3. పాత పనులు (మొదట చెప్పిన గడువుతో)
4. తేలనివి (ఎవరు తేల్చాలి)
```

అన్నిటికంటే మూడోదే ముఖ్యం. పోయిన వారం 2లో ఉన్న పనులన్నీ, పోయిన వారం 3లో ఇంకా పూర్తికానివి కూడా, కాల్‌కి ముందే ఈ వారం 3లోకి కాపీ చేసేయండి. గడువు మారితే పాత తేదీ చెరపకుండా పక్కనే కొత్తది రాయండి, అప్పుడే ఒక పని ఎన్ని వారాలుగా వాయిదా పడుతోందో కంటికి కనిపిస్తుంది.

'పేమెంట్ పేజీ స్లో, రవి చూస్తాడు' అని నోట్స్‌లో ఉంటే అది పని కింద లెక్కలోకి రాదు, ఎందుకంటే ఎప్పటికో, ఏం చేస్తే పూర్తయినట్టో అందులో లేదు. 'రవి: పేమెంట్ పేజీ ఎక్కడ ఆలస్యమవుతోందో కనిపెట్టి, కారణం రాసి పంపాలి, 10 జూన్ 2025, సాయంత్రం 6, భారత సమయం' అని రాస్తే వచ్చే కాల్‌లో అయిందా లేదా అని ఒక్క మాటలో అడగొచ్చు.

తేదీలో నెల పేరు అక్షరాల్లోనే రాయండి. 05/06 అంటే మనకి జూన్ 5, వాళ్లకి మే 6. 'శుక్రవారం సాయంత్రానికల్లా' అన్నా గొడవే, జూన్‌లో డాలస్‌లో శుక్రవారం సాయంత్రం 6 అయ్యేసరికి ఇక్కడ శనివారం తెల్లవారుజామున 4:30.

ఏ భాగంలోనైనా రాయడానికేమీ లేకపోతే దాన్ని తీసేయకుండా 'లేదు' అని పెట్టండి, లేకపోతే నిజంగా నిర్ణయాలేమీ జరగలేదా, రాసేవాళ్లు మర్చిపోయారా అన్నది చదివేవాళ్లకి తెలియదు.

అసలు టెంప్లేట్ మీదే ఎవరో ఒకరు ఆ వారం నోట్స్ రాసేయడం మామూలే. గూగుల్ డాక్స్ అయితే లింక్‌లో `/edit` నుంచి చివరిదాకా తీసేసి `/copy` అని పెట్టి పంచండి, తెరిచినవాళ్లని కాపీ చేసుకోమనే అడుగుతుంది. ఫైల్ పేరు `2025-06-05` లాగా ఏడాదితో మొదలుపెడితే వరసలో ఉంటాయి.

రెండు నెలలు వాడాక ఒకసారి అన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏదైనా భాగంలో ప్రతి వారం 'లేదు' అనే ఉంటే అప్పుడు తీసేయండి, కానీ మధ్యలో ఒక్కో వారం ఒక్కోలా మార్చకండి.