ఇంటి వాషింగ్ మెషిన్ మరమ్మతు, 4వ పాఠం: తలుపు కింద నీళ్లు, తప్పు రబ్బరుదేనా?

పోయిన పాఠంలో కుళాయి నుంచి మెషిన్ వెనక వాల్వు దాకా నీరు ఎలా వస్తుందో చూశాం. ఇప్పుడు ఆ నీరు లోపలికి వెళ్లే దారిలో ముందువైపు కారే రెండు చోట్లు చూద్దాం: పౌడర్ వేసే ట్రే, తలుపు చుట్టూ ఉండే రబ్బరు. ఈ పాఠం ఫ్రంట్ లోడ్ మెషిన్ల గురించే.

తలుపు కింద నీళ్లు కనబడగానే చాలామంది డోర్ రబ్బరు పోయిందనుకుని కొత్తది కొనేస్తారు. మెకానిక్‌లు దాన్ని గ్యాస్కెట్ అనో బెల్లో అనో అంటారు. అది మార్చినా నీళ్లు ఆగకపోతే ట్రేని అనుమానించాలి. ట్రే పొంగితే నీళ్లు ముందు రేకు లోపలి వైపు జారి అడుగున తేలతాయి. బయటినుంచి చూసేవారికి అవి తలుపు నుంచే వచ్చినట్టుంటాయి. అందుకే ఈ పాఠంలో మొదటి పని విప్పడం కాదు, కనిపెట్టడం.

మెషిన్ ముందువైపంతా పొడిగుడ్డతో తుడిచి, అడుగున ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పాత న్యూస్‌పేపరు పరవండి. బట్టలు, పౌడరు లేకుండా చన్నీళ్ల ప్రోగ్రాం పెట్టి, టార్చి పట్టుకుని ఎదురుగా కూర్చోండి. డ్రమ్ము తిరగకముందే, నీరు పడుతున్న మొదటి రెండు మూడు నిమిషాల్లో పేపరు తడిస్తే అనుమానం ట్రే మీదికి వెళ్లాలి. చాలా మెషిన్లలో ట్రే ఎడమవైపు పైన ఉంటుంది కాబట్టి తడి కూడా ఎడమ మూలనే మొదలవుతుంది. నీరు పట్టడం ఆగి, డ్రమ్ము తిరగడం మొదలయ్యాక తలుపుకి సరిగ్గా కింద తడిస్తే అది రబ్బరు. నీళ్లు బయటికి తోడేటప్పుడే కారితే పంపునీ దాని గొట్టాల్నీ చూడాలి, అది ఈ పాఠంలోది కాదు.

శ్రీకాకుళంలో అరసవల్లి వైపు ఒక ఇల్లు అనుకోండి. ఒకే అంతస్తు, డాబా మీద ట్యాంకు, బోరు నీరు, ఆరేళ్ల నాటి ఏడు కేజీల మెషిన్. పేపరు పరిచి చూస్తే రెండో నిమిషంలోనే ఎడమ మూల తడిసింది. అప్పుడు ప్లగ్గు తీసి, కుళాయి కట్టి, ట్రేలో అసలు ఉతుకు పౌడరు వేసే అరలోకి మగ్గుతో లీటరు నీళ్లు మెల్లగా పోయాలి. దారి బాగుంటే నీరు నిలవకుండా లోపలికి జారిపోతుంది. ఈ ఇంట్లో నీరు అరలోనే నిలిచి, అంచు దాటి ముందుకు వచ్చింది. అంటే ట్రే కింద నుంచి టబ్బులోకి వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం పూడుకుపోయింది.

ఎందుకు పూడుతుందో తెలుసుకుంటే మళ్లీ రాకుండా చూసుకోవచ్చు. పది మీటర్ల ఎత్తున్న నీరు సుమారు ఒక బార్ ఒత్తిడినిస్తుంది. డాబా మీద ట్యాంకులో నీటిమట్టం మెషిన్ వాల్వు కన్నా మూడు మీటర్లే ఎత్తుంటే వచ్చేది 0.3 బార్. చాలా మెషిన్లు అడిగే కనీసం దాదాపు అంతే. ఆ సన్నని ధారకి పౌడరు పూర్తిగా కొట్టుకుపోదు. పైగా ఉప్పునీళ్లలో నురగ రావట్లేదని ఇంకో గరిట వేస్తాం. మిగిలిన పౌడరు ముద్దై, నీటిలోని సున్నంతో కలిసి గొట్టంలో గట్టిపడుతుంది. ఇలాంటి ఇళ్లలో పౌడరుని మగ్గు నీళ్లలో కరిగించి పోయడమో, లిక్విడ్ వాడడమో మేలు. ప్రెషర్ పంపు బిగించిన ఇళ్లలో కథ తిరగబడుతుంది: ధార జోరుకి నీరు ట్రే ముందునుంచి చిమ్ముతుంది. అక్కడ మెషిన్ కుళాయిని సగం కడితే చాలాసార్లు సరిపోతుంది.

శుభ్రం చేయడానికి ట్రేని పూర్తిగా లాగి, వెనకున్న నాలుకని నొక్కి బయటికి తీయండి. సాఫ్ట్‌నర్ అరలోని చిన్న మూతని మరవకండి. అది పూడినా, సరిగా కూర్చోకపోయినా ఆ అర పొంగుతుంది. లీటరు వేడినీళ్లలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలిపి ట్రేని అరగంట నానబెట్టండి. ట్రే గూటి పైకప్పుకి సన్నని చిల్లులుంటాయి. వాటిలో తెల్లగా పేరుకున్న సున్నాన్ని అదే నీళ్లలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో గీకండి. ఆ సమయంలో బ్లీచింగ్ మాత్రం దగ్గరికి రానీయకండి, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. తర్వాత మెషిన్ పైమూత వెనకున్న స్క్రూలు విప్పి, మూతని వెనక్కి జరిపి ఎత్తితే గొట్టం కనబడుతుంది. స్ప్రింగు క్లిప్పుని కటింగ్ ప్లేయరుతో నొక్కి జరిపి, గొట్టం తీసి, లోపలి ముద్దని నీటితో కడిగేయండి. బిగించేటప్పుడు క్లిప్పు పాత గుర్తు మీదే కూర్చోవాలి.

ఆ ఇంట్లో మళ్లీ పేపరు పరిచి చూస్తే నీరు పట్టినంతసేపూ ఎడమ మూల పొడిగానే ఉంది. డ్రమ్ము తిరగడం మొదలయ్యాక తలుపు కింద నడిమధ్య ఒక చిన్న తడి మచ్చ పడింది. అంటే ఒక్క మెషిన్‌కే రెండు జబ్బులు. మొదటిది పెద్దది కావడంతో రెండోది కనబడలేదు.

రబ్బరుని చూసేటప్పుడు మడత తెరిచి, వేళ్లతో సాగదీసి చూడాలి. ఊరికే చూస్తే సన్న చీలిక మూసుకుపోయి కనబడదు. గడియారంలో 4 నుంచి 8 దాకా ఉండే భాగం మీద ఎక్కువ దృష్టి పెట్టండి. పిన్నీసులు, చిల్లర, ఇసుక చేరేది అక్కడే. ఈ మెషిన్‌లో 5 దగ్గర సగం అంగుళం చీలిక ఉంది. తలుపు అద్దం మీద, రబ్బరు పెదవి తాకే వలయం కూడా చూడండి. అక్కడ సున్నం పేరుకున్నా, దారం పోగు అంటుకున్నా మంచి రబ్బరు కూడా కారుతుంది. అప్పుడు తుడిస్తే చాలు, కొననక్కర్లేదు.

చీలికని జిగురుతో అతికిస్తే ఎక్కువ రోజులు ఉండదు, ఎందుకంటే టబ్బు ఊగినప్పుడల్లా రబ్బరు సాగుతుంది. కొందరు రబ్బరుని తిప్పి చీలికని పైకి పెడతారు. నీరు ఆగుతుంది గానీ, అడుగున ఉండాల్సిన చిల్లులు పక్కకి పోయి మడతలో నీరు నిలిచి బూజు పడుతుంది. కొత్తది వచ్చేదాకా ఓ వారం గడపడానికైతే సరే.

కొత్తది కొనేటప్పుడు కేజీల లెక్క చెప్పకండి, తలుపు తెరిస్తే అంచున ఉండే స్టిక్కరు మీది మోడల్ నంబరు చెప్పండి. ప్లగ్గు తీసి, ముందు రేకుని పట్టుకున్న తీగ క్లాంపుని దాని చిన్న స్ప్రింగు దగ్గర స్క్రూడ్రైవరుతో ఎత్తి తీయాలి. లోపల టబ్బుని పట్టుకున్న క్లాంపు కొన్ని మోడళ్లలో చేతికి అందుతుంది, చాలావాటిలో ముందు రేకు విప్పాలి. విప్పేముందు తలుపు లాకు వైరు ఊడదీయాలి, అంతకన్నా ముందు ఫోనుతో ఫొటోలు తీసుకోండి.

కొత్త రబ్బరు మీది త్రికోణపు గుర్తు టబ్బు మీది గుర్తుకి ఎదురుగా పైకి రావాలి, చిల్లులు అడుక్కి రావాలి. అంచు కూర్చోకపోతే గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు రాయండి. నూనె, గ్రీజు వద్దు, వాటికి రబ్బరు ఉబ్బుతుంది. లోపలి క్లాంపు బిగించాక చుట్టూ వేలితో తడమండి. ఒకచోట అంచు మడతపడినా, రేకంతా మళ్లీ విప్పాల్సి వస్తుంది. అంతా బిగించి, బట్టలు లేకుండా ఒక రిన్స్, ఒక స్పిన్ నడిపి, మళ్లీ పేపరు చూడండి.

ట్రే, రబ్బరు రెండూ బాగుండి కూడా నీటిమట్టం అద్దంలో పైకి పైకి వస్తుంటే మెషిన్ ప్లగ్గు తీసేయండి. అప్పుడూ నీరు పడుతూనే ఉంటే వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది, కుళాయి కట్టేయండి. ప్లగ్గు తీయగానే నీరు ఆగితే వాల్వు మంచిదే, మట్టం కొలిచే ప్రెషర్ స్విచ్చిలోనో దాని సన్న గొట్టంలోనో లోపం ఉంది. ఆ గొట్టం ఊది చూడడం వచ్చే పాఠంలో.