క్యాప్షన్ నిజమే, అయినా కస్టమర్ ‘అబద్ధం’ అంటున్నారా? గ్రీన్ క్లెయిమ్‌ల సమస్య - పరిష్కారం

చిన్న బట్టల బ్రాండ్‌లకు, కొరియర్ కవర్లు అమ్మేవాళ్లకు క్యాప్షన్లు సరిచేసి ఇవ్వడం నా పని. వచ్చినవాళ్లలో చాలామంది ముందుగా అడిగేది ఇదే: “‘ఎకో ఫ్రెండ్లీ’ అని రాయకూడదట కదా, దాని బదులు ఏం రాయమంటారు?” పదం మార్చినంత మాత్రాన సమస్య పోదు. ముందు మీరు రాసిన మాట పక్కన దాని కాగితం పెట్టండి. నూలు బిల్లో, ల్యాబ్ రిపోర్టో, సర్టిఫికెటో ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే ఆ మాట కొట్టేయండి. పది నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి ఫాంట్ గురించి, ఆకు బొమ్మ గురించి గంటలు మాట్లాడేవాళ్లను చూసి విసిగిపోయాను.

లక్షణం: “ఎకో ఫ్రెండ్లీ అంటే ఏంటండీ?” అని కామెంట్లు

కారణం: మంచి మాట ఉంది, వస్తువు గురించి సమాచారం లేదు. 2024 అక్టోబర్ 15న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, గ్రీన్‌వాషింగ్‌పై, అంటే పర్యావరణానికి లేని మేలును ఉన్నట్టు చూపించడంపై, మార్గదర్శకాలు ఇచ్చింది. గ్రీన్, ఎకో ఫ్రెండ్లీ, సస్టైనబుల్, నేచురల్ లాంటి మాటలను తగిన వివరణ, ఆధారం లేకుండా వాడకూడదని వాటిలో ఉంది. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు.

పరిష్కారం: విశేషణం తీసేసి వస్తువు గురించి చెప్పండి. “పర్యావరణహితమైన ప్యాకింగ్” బదులు “ఈ కవరు కాగితంతో చేసింది, లోపల ప్లాస్టిక్ పొర లేదు, అంటించిన టేపు మాత్రం ప్లాస్టిక్” అని రాయండి. టేపు సంగతి మీరే చెప్పేస్తే కామెంట్‌లో ఎవరూ దాన్ని పట్టుకోరు.

లక్షణం: కాగితం ఉంది, ప్రతి మాటా నిజం, అయినా “మోసం” అంటున్నారు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది. “తిన్నావా?” అంటే చాలు, ఎవరు తినాలో అవతలివాళ్లకు తెలుసు. క్యాప్షన్‌లో కూడా అలాగే రాసేస్తాం. అయితే అక్కడ ఖాళీగా ఉన్న కర్త చోటును ఫొటో ఆక్రమిస్తుంది. ఫొటోలో కుర్తీ ఉంటే, కింద ఏం రాసినా అది మొత్తం కుర్తీ గురించే అనుకుంటారు.

ఒక బ్రాండ్‌కు పండగ కలెక్షన్ కోసం నేనే రాశాను: “100% రీసైకిల్డ్ పాలిస్టర్.” నూలు కాగితంలో అలాగే ఉంది. వాడేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన పాలిస్టర్ అది. కుర్తీ బట్ట మాత్రం 60% కాటన్, 40% పాలిస్టర్. ఒక కస్టమర్ మెడ దగ్గరి లేబుల్‌ను ఫొటో తీసి, నా క్యాప్షన్ పక్కన పెట్టి, “రెండింట్లో ఏది నిజం?” అని అడిగింది. నిజానికి రెండూ నిజమే. నా 100 ఆ 40% పాలిస్టర్ గురించి. ఆమె చదివిన 100 మొత్తం కుర్తీ గురించి. తప్పు ఆమెది కాదు, నేను కర్తను వదిలేశాను.

ఆ రోజు కుర్తీని విప్పి తూకం వేయించాం. పై బట్ట 250 గ్రాములు, అందులో 40% అంటే 100 గ్రాములు రీసైకిల్డ్. లోపలి లైనింగ్ 80 గ్రాములు, అదంతా కొత్త పాలిస్టర్. మొత్తం 330 గ్రాముల్లో 100, అంటే సుమారు 30%. లైనింగ్ సంగతి నూలు కాగితంలో ఎక్కడా ఉండదు. అందుకే కాగితం ఒక్కటి చూసి రాస్తే దొరికిపోతాం.

సరిచేసిన క్యాప్షన్ ఇది: “ఈ కుర్తీ పై బట్టలో బరువు ప్రకారం 40% రీసైకిల్డ్ పాలిస్టర్, 60% మామూలు కాటన్. లైనింగ్ రీసైకిల్డ్ కాదు.” ఇంత తక్కువ అంకె చూపిస్తే అమ్ముడుపోదేమోనని బ్రాండ్ వాళ్లు టెన్షన్ పడ్డారు. నా మాట అప్పుడూ ఇప్పుడూ ఒకటే: 40 అని రాసి నిలబడగలం, 100 అని రాసి నిలబడలేం. సీసీపీఏ మార్గదర్శకాలు కూడా క్లెయిమ్ వస్తువు మొత్తానిదా, కొంత భాగానిదా, తయారీదా, ప్యాకింగ్‌దా స్పష్టంగా చెప్పమంటాయి.

ఈ తప్పును పట్టుకోవడం తేలికే. మీ ఆఫీసులో పనిచేయని మనిషికి ఫొటో, క్యాప్షన్ కలిపి చూపించి “ఇందులో రీసైకిల్డ్ ఏది?” అని అడగండి. ఆయన జవాబు మీ కాగితంతో కలవకపోతే క్యాప్షన్ తప్పు. ఇంకోటి, “లైనింగ్ రీసైకిల్డ్ కాదు” అన్న ముక్కను ‘more’ నొక్కితే కనిపించే చోటికి నెట్టకండి. అంకె ఉన్న వరసలోనే పరిమితి కూడా ఉండాలి. మిగతా వివరాలకు క్యూఆర్ కోడ్ పెట్టుకోండి, తప్పులేదు. కర్తను మాత్రం అక్కడికి పంపొద్దు.

లక్షణం: ఆర్గానిక్ బట్టకు ఇచ్చే జీఓటీఎస్ సర్టిఫికెట్ చూపించినా బయ్యర్ ఒప్పుకోవడం లేదు

కారణం: మీ చేతిలో ఉన్నది మిల్లు స్కోప్ సర్టిఫికెట్. ఆ మిల్లు ఆర్గానిక్ సరుకు చేయగలదని అది చెబుతుంది. మీరు కొన్న ఈ లాటు ఆర్గానిక్ అని చెప్పేది ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్. బట్ట కొనేటప్పుడే అడిగి తీసుకోండి. అది లేకపోతే “ఆర్గానిక్” అని రాయకండి. అది ఉన్నా, కుట్టిన యూనిట్‌కు సర్టిఫికేషన్ లేకపోతే లోగో వేయకండి.

లక్షణం: “కంపోస్టబుల్ కవరు కుండీలో పాతిపెట్టాను, అలాగే ఉంది”

కారణం: కంపోస్టబుల్ ప్లాస్టిక్ పరీక్ష సుమారు 58 డిగ్రీల వేడిలో జరుగుతుంది. అది పారిశ్రామిక కంపోస్ట్ కేంద్రంలో ఉండే వేడి, మన పెరట్లో ఉండదు. “ఇంటి కుండీలో కుళ్లదు, పారిశ్రామిక కంపోస్ట్ కేంద్రానికి మాత్రమే” అని కవరు మీదే రాయండి. తయారీదారు దగ్గర కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, అంటే సీపీసీబీ, ఇచ్చిన సర్టిఫికెట్ ఉందో లేదో కూడా చూడండి.

అరుదుగా వచ్చేవి

“కార్బన్ న్యూట్రల్” అని రాసిన చిన్న బ్రాండ్‌ల దగ్గర లెక్క ఉండగా నేను చూడలేదు, తీసేయండి. “కెమికల్ ఫ్రీ” కూడా అంతే. కలంకారీలో బట్టను కరక్కాయలో నానబెడతారు, రంగు పట్టడానికి పటిక వాడతారు. పటిక కూడా కెమికలే. “కరక్కాయ, పటికతో అద్దిన రంగు” అని రాస్తే నిజమూ చెప్పినట్టే, వినడానికీ బాగుంటుంది.

తప్పు క్యాప్షన్ ఇప్పటికే పోస్ట్ అయిపోయి ఉంటే డిలీట్ చేయకండి. క్యాప్షన్ ఎడిట్ చేసి, ఏం మార్చారో తేదీతో సహా కామెంట్‌లో రాసి పిన్ చేయండి. ఆ పోస్ట్ చూసి కొన్నవాళ్లకు విడిగా మెసేజ్ పంపి, వద్దంటే డబ్బు వెనక్కి ఇస్తామని చెప్పండి. అదే ఫొటో వెబ్‌సైట్‌లో, ప్యాకెట్‌లో పెట్టే కార్డు మీద కూడా ఉంటుంది, అక్కడా మార్చండి.