ఒక్క ఫ్యూరోసమైడ్ కార్డుని నాలుగు చేశాక

ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు ఫ్యూరోసమైడ్ మీద నా కార్డు తిరిగి తిరిగి వచ్చేది. వెనకవైపు నాలుగు విషయాలు. మూడు చెప్పి ఒకటి మర్చిపోయినా Again నొక్కాల్సిందే. రంగులు వేయడం, ఇంటర్వెల్ మార్చడం ఏవీ పనిచేయలేదు.

చివరికి లెక్చర్ నోట్స్‌లోని జవాబునే ముందు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక ప్రశ్న రాశాను. ఫ్యూరోసమైడ్ నెఫ్రాన్‌లో ఎక్కడ పనిచేస్తుంది? థిక్ అసెండింగ్ లింబ్‌లో. ఏ ట్రాన్స్‌పోర్టర్‌ని ఆపుతుంది? Na-K-2Cl. రక్తంలో పొటాషియం ఏమవుతుంది? తగ్గుతుంది. "దుష్ప్రభావం ఏమిటి?" అన్న నాలుగోదే మొరాయించింది, దానికి సరైన జవాబులు చాలా ఉన్నాయి మరి. "చెవికి ఏ హాని?" అని బిగించాక కుదిరింది: వినికిడి తగ్గడం. ఆ తర్వాతే పాత కార్డుని సస్పెండ్ చేశాను.

మందులకైతే బాగానే ఉంది. రక్తం గడ్డకట్టే దశల్లాంటి వాటిలో మాత్రం ఇలా విడగొడితే వరస పోతోంది.