ధర తప్పుపడిందని ఆర్డర్ రద్దయిందా? ముందు రద్దు చేసింది ఎవరో చూడండి

డబ్బు కట్టారు. ఆర్డర్ అందిందని ఈమెయిల్ కూడా వచ్చింది. రెండు రోజులకు ఇంకో సందేశం: "ధర పొరపాటున తప్పుగా పడింది, ఆర్డర్ రద్దవుతుంది." ఈ గోడుతో వచ్చినవారిని నేను మొదట అడిగేది ఒక్కటే. మీ ఆర్డర్ వివరాల పేజీలో రద్దు చేసింది ఎవరని ఉంది? ఆ పేజీ తెరిచి చూసినవారు అరుదు. చట్టం ఏమంటుంది, నష్టపరిహారం ఎంత అని మాత్రం అందరూ అడుగుతారు.

డబ్బు ఇంకా వెనక్కి రాలేదు

కారణం చాలాసార్లు మోసం కాదు. కార్డుతో చెల్లించినప్పుడు బ్యాంకు ముందు ఆ మొత్తాన్ని పక్కన పెడుతుంది, అంతే. అమ్మినవారు దాన్ని తీసుకోవడం తరువాతి మెట్టు, చాలాచోట్ల సరుకు పంపేటప్పుడు జరుగుతుంది. ఆ లోపే రద్దయితే వాపసు అనే పద్దు మీ ఖాతాలో ఎప్పటికీ కనిపించదు. పక్కన పెట్టిన మొత్తం కొన్ని రోజుల్లో దానంతట అదే విడుదలవుతుంది.

కాబట్టి లావాదేవీ ఇంకా "పెండింగ్"లో ఉందో, పూర్తయిందో చూడండి. పూర్తయి ఉంటే అమ్మినవారిని వాపసుకు సంబంధించిన ఏఆర్ఎన్ అడగండి. అది 23 అంకెల సంఖ్య. దాన్ని ఇస్తే డబ్బు ఎక్కడ ఆగిందో బ్యాంకు వెతికి చెబుతుంది. పంపించామంటూనే ఆ సంఖ్య చెప్పలేకపోతే, అసలు పంపలేదని అనుమానించవచ్చు.

"డబ్బు తీసుకున్నారు కదా, అదే ధరకు ఇవ్వాలి"

ఇవ్వాల్సిందేనని చెప్పలేం. రెండు విషయాలు చూడాలి. మొదటిది, మీకు వచ్చిన ఈమెయిల్‌లోని మాట. "మీ ఆర్డర్ అందింది" అంటే అడిగింది విన్నామని మాత్రమే. చాలామంది అమ్మకందారులు సరుకు పంపినప్పుడే ఒప్పందం కుదిరినట్టు అని నిబంధనల్లో రాసుకుంటారు. "మీ ఆర్డర్‌ను అంగీకరించాం" అని ఉంటే మీ చేతిలో కొంత బలం ఉంది. 2002లో బ్రిటన్‌లో కొడాక్ వెబ్‌సైట్ 329 పౌండ్ల కెమెరా ప్యాకేజీని 100 పౌండ్లకు చూపించింది. కంపెనీ మొదట కుదరదంది. తాను పంపిన ఈమెయిళ్లు ఆర్డర్‌ను అంగీకరించినట్టే ఉన్నాయన్న వాదన బలపడడంతో చివరికి అదే ధరకు ఇచ్చింది.

రెండోది, పొరపాటు ఎంత కొట్టొచ్చినట్టుంది అన్నది. 2003లో సింగపూర్‌లో 3,854 డాలర్ల లేజర్ ప్రింటర్ ఒక వెబ్‌సైట్‌లో 66 డాలర్లకు పడింది. ఆరుగురు కలిసి 1,606 ప్రింటర్లు ఆర్డర్ చేశారు. వాళ్లకు ధ్రువీకరణ ఈమెయిళ్లు కూడా అందాయి. అయినా కోర్టులో ఓడిపోయారు, అప్పీలులోనూ ఓడిపోయారు. అది పొరపాటని తెలిసే ఎగబడ్డారని న్యాయస్థానం తేల్చింది. దేశాన్ని బట్టి చట్టం మారుతుంది గానీ ఈ తర్కం చాలాచోట్ల వినిపిస్తుంది. నలభై శాతం తగ్గింపును ఎవరైనా అమ్మకాల పండుగ అనుకుంటారు. చివరి రెండు సున్నాలు ఎగిరిపోయిన ధరను చూసి అలా అనుకున్నానంటే ఎవరూ నమ్మరు.

న్యాయంగా ఆశించగలిగేది ఇది: రవాణా ఖర్చుతో సహా కట్టినదంతా వెనక్కి, వాడిన కూపన్, పాయింట్లు యథాతథంగా మళ్లీ ఖాతాలోకి. పైన ఏదైనా ఇస్తే అది వాళ్ల మర్యాద. అంగీకారం స్పష్టంగా ఉండి, ధర నమ్మదగినదై, మీరు ఇంకోచోట ఎక్కువ పెట్టి కొనాల్సి వస్తే ఆ తేడా అడగడంలో అర్థముంది.

వాపసు తక్కువ వచ్చింది, ఫిర్యాదు కూడా కొట్టేశారు

నా చేతులు కాలింది ఇక్కడే. చాలామంది అమ్మకందారులు సరుకు పెట్టే ఒక ఆన్‌లైన్ వేదికలో ఒక కెమెరా లెన్సు, మామూలు ధర కంటే మూడోవంతు తక్కువకు కనిపించింది. కొన్నాను. మూడో రోజు అమ్మకందారు నుంచి ఎంతో మర్యాదగా సందేశం: "ధర తప్పుపడింది, క్షమించండి. మీ వైపు నుంచి రద్దు నొక్కితే డబ్బు త్వరగా వస్తుంది." పోనీలే, మనిషి మంచివాడులా ఉన్నాడనుకుని నొక్కాను. కారణం ఎంచుకోమని పట్టిక వచ్చింది. "అమ్మకందారు అడిగారు" అనేది అందులో లేదు. "ఇక అవసరం లేదు" ఎంచుకున్నాను.

డబ్బు వచ్చింది, కూపన్ విలువ తప్ప. కొనుగోలుదారే మనసు మార్చుకుంటే కూపన్ తిరిగి ఇవ్వరన్న నిబంధన ఉంది. ఫిర్యాదు చేస్తే వేదికవారు ఒక్క వాక్యంలో ముగించారు: "మీ అభ్యర్థన మేరకే రద్దయింది." వాళ్ల రికార్డు ప్రకారం అది నిజమే.

తనే రద్దు చేస్తే చాలా వేదికల్లో ఆ లెక్క అమ్మకందారు ఖాతాలో పడుతుంది. అలాంటివి పెరిగితే వెతుకులాటలో అతని సరుకు కిందికి జారుతుంది, కొన్నిచోట్ల జరిమానా కూడా ఉంటుంది. మీ చేత నొక్కిస్తే ఆ మచ్చ తప్పుతుంది. "త్వరగా వస్తుంది" అన్న మాటకు నేను చూసినంతలో ఆధారం లేదు. ఎవరు నొక్కినా డబ్బు వెళ్లేది అదే దారిన.

అందుకని నొక్కకండి. వేదికలోని సందేశాల్లోనే, ఫోనులో కాదు, ఇలా రాయండి:

"నేను ఈ ఆర్డర్‌ను రద్దు చేయడం లేదు. చూపిన ధరకు పంపగలిగితే పంపండి. లేకపోతే అసలు కారణం పేర్కొంటూ మీ వైపు నుంచే రద్దు చేసి, పూర్తి మొత్తం, కూపన్ తిరిగి ఇవ్వండి."

పంపే ముందు వస్తువు పేజీ, ఆర్డర్ ధ్రువీకరణ, రద్దు నొక్కమని అమ్మకందారు పంపిన సందేశం మూడింటికీ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. వస్తువు పేజీ మొదట తీయండి, ధరను గంటలో సరిచేసేస్తారు. తరువాత ఊరుకోండి. డెలివరీ గడువు దాటినా సరుకు, డబ్బు రెండూ రాకపోతే వేదికకు, అక్కడా తేలకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకుకు వివాదం దాఖలు చేయండి. చాలా కార్డు వివాదాలకు 120 రోజుల దాకా గడువుంటుంది, అయినా అమ్మకందారు "రేపు, ఎల్లుండి" అంటుంటే అంతవరకు ఆగకండి.

ఇప్పటికే నొక్కేశారా? రద్దు కోరిన సందేశం వేదికలోనే ఉంటే ఇంకా దారుంది. దాన్ని జతచేసి, "అమ్మకందారు కోరిక మేరకు రద్దు" అని రికార్డు సరిచేయమని అడగండి. మా ఇంట్లోవాళ్ల ఆర్డర్ ఒకటి అలాగే సర్దుబాటైంది. నా లెన్సు విషయంలో అతను ఫోనులోనూ మాట్లాడాడు, నేను సందేశాన్ని చెరిపేశాను, కథ అక్కడితో సరి.

మిగతావి

విదేశీ కరెన్సీలో కొంటే మారకపు రేటు వల్ల వాపసు కొద్దిగా అటూఇటూ అవుతుంది. అది అమ్మకందారు తప్పు కాదు, దానికోసం ఉత్తరాలు రాసి అలసిపోకండి. రద్దయిన సరుకే మర్నాడు అదే అమ్మకందారు దగ్గర పాత తక్కువ ధరకే మళ్లీ కనిపిస్తే మాత్రం ధర పొరపాటన్నది సాకు, నిల్వ లేకపోవడమే అసలు కారణం కావచ్చు. ఆ పేజీని కూడా ఫొటో తీసి ఫిర్యాదుకు జతచేయండి.