పత్తి మోడల్‌ను మళ్లీ ట్రైన్ చేశారా? పాత టెంపరేచర్ తీసేయండి

వరంగల్ చుట్టుపక్కల జూన్ వానలకు పత్తి గింజలు పెడతారు. ఆగస్టుకల్లా పరకాల, నర్సంపేట వైపు నుంచి ఆకుల ఫొటోలు రావడం మొదలవుతుంది. ఫొటో చూసి తెగులు చెప్పే మోడల్ నడుపుతున్నవాళ్లు, అది చెప్పే శాతం ఎంత నిజమో ఆలోపే చూసుకోవాలి. 80 శాతం దాటితే సలహా నేరుగా రైతుకు, దాటకపోతే వ్యవసాయ విస్తరణ అధికారికి, అంటే ఏఈవోకు వెళ్లేలా పెట్టారనుకుందాం. అప్పుడు ఆ అంకె తప్పితే మందు ఖర్చు రైతు మీద పడుతుంది.

ముందుగా రిలయబిలిటీ డయాగ్రమ్ గీయండి. ట్రైనింగ్‌లో వాడని ఫొటోలను కాన్ఫిడెన్స్ ప్రకారం పది గుంపులు చేసి, ఒక్కో గుంపులో నిజంగా ఎన్ని సరిపోయాయో చూడాలి. 97 శాతం నమ్మకంతో చెప్పిన 50 ఫొటోల్లో 41 మాత్రమే సరైతే, అసలు నిజం 82 శాతమే. చెప్పిన శాతం, నిజమైన శాతం సమానమయ్యే ఏటవాలు గీతకు ఆ గుంపు కింద ఉంటుంది, అంటే మోడల్‌కు అతినమ్మకం. ఒకే చేనులో తీసిన ఫొటోలు ట్రైనింగ్‌లోనూ ఇక్కడా ఉంటే ఈ బొమ్మ అబద్ధం చెబుతుంది. గుంపులో నాలుగైదు ఫొటోలే ఉన్నా దాన్ని నమ్మకండి.

ఈ అతినమ్మకాన్ని తగ్గించే దారులు రెండు. టెంపరేచర్ స్కేలింగ్ ట్రైనింగ్ అయ్యాక, శాతాలుగా మారకముందు మోడల్ ఇచ్చే అంకెలను, అంటే లాజిట్లన్నిటినీ, టెంపరేచర్ అనే ఒకే T తో భాగిస్తుంది. ఏ తెగులు ముందుందో మారదు, శాతం మాత్రమే మారుతుంది. లేబుల్ స్మూతింగ్ ట్రైనింగ్‌లోనే పనిచేస్తుంది. పచ్చదోమ, ఆకుమచ్చ, నల్లమచ్చ, ఎర్రబారిన ఆకు, మంచి ఆకు అని ఐదు తరగతులుంటే, 0.1 స్మూతింగ్‌తో సరైన దానికి 1 బదులు 0.92, మిగతా నాలుగింటికి తలా 0.02 లక్ష్యంగా ఇస్తాం. లక్ష్యం 1 అయితే లాజిట్లను ఎంత పెంచినా మోడల్‌కు ఇంకా పెంచాలనే ఉంటుంది. స్మూతింగ్ ఉంటే సరైన దాని లాజిట్‌కూ మిగతావాటికీ మధ్య తేడా 3.83 దగ్గర ఆగుతుంది.

చిక్కు ఇక్కడే. పాత మోడల్‌కు T = 1.5 సరిపోయిందని, స్మూతింగ్‌తో ట్రైన్ చేసిన కొత్తదానికీ అదే వదిలేస్తే 3.83 కాస్తా 2.55 అవుతుంది, 92 శాతం 76కి పడిపోతుంది. 80 గీత దాటాల్సిన మంచి జవాబులన్నీ ఏఈవో దగ్గర పేరుకుపోతాయి. డయాగ్రమ్‌లో గుంపులు గీతకు పైన కనిపిస్తే జరిగింది ఇదే కావచ్చు. స్మూతింగ్ ఒక్కటే ఎక్కువైనా అలాగే కనిపిస్తుంది. అప్పుడు కొత్తగా వెతికిన T ఒకటి కన్నా తక్కువ రావచ్చు, కంగారు పడకండి. 0.8 అయితే అదే 92 శాతం 97 అవుతుంది.

T వెతికేటప్పుడు మాత్రం లాస్‌లో స్మూతింగ్ ఉండకూడదు:

```python
loss = F.cross_entropy(logits / T, y)
```

`label_smoothing=0.1` అలాగే ఉండిపోతే T అవసరానికి మించి పెరుగుతుంది. ఈ తప్పు ఎర్రర్‌గా బయటపడదు, అందుకే ఆ లైన్ మీ కళ్లతో మీరే చూడండి.

నిరుటి ఫొటోలతో కుదిర్చిన T, మోడల్ ఎప్పుడూ చూడని తెగులు వస్తే ఆదుకోదు. ఆగస్టు మొదటి వారం ఫొటోలకు ఏఈవోతో పేర్లు పెట్టించి, డయాగ్రమ్ మళ్లీ గీయండి. గుంపులు గీతకు దగ్గరగా వచ్చేదాకా ప్రతి ఫొటోనూ ఏఈవోకే పంపండి.