అపార్ట్‌మెంట్‌లో దసరా అలంకరణ – 3వ పాఠం: పది రోజులూ ఒకే రోజు కాదు

గత పాఠంలో బడ్జెట్ పట్టిక వేయమన్నాను. మీరు పంపిన వాటిలో ఎక్కువ భాగం ఒకే చోట తప్పాయి: వసూలు కావాల్సిన మొత్తాన్ని రోజులతో భాగించారు. 40 ఫ్లాట్లు, ఫ్లాటుకు వెయ్యి, మొత్తం 40 వేలు, పది రోజులు కాబట్టి రోజుకు 4 వేలు. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ మొదటి రోజు పొద్దున్నే షామియానా వాడికీ, లైట్ల వాడికీ డబ్బులివ్వాలి. ఆ రోజు పద్దుకింద ఉన్న 4 వేలు వాళ్లలో ఒకరికి కూడా సరిపోవు. అక్కడినుంచి ఎవరో ఒకరు సొంత జేబులోంచి పెట్టడం, ఆ లెక్క ఎవరికీ గుర్తులేకపోవడం, ఆరో రోజుకి పూలు పల్చబడటం. అందుకే రోల్స్ సంగతి, అంటే ఏ రోజు ఏ పని ఎవరిదన్నది, మొదలుపెట్టేముందు బడ్జెట్‌నే మళ్లీ చేద్దాం.

చందాలకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టడం, యూపీఐ నంబరు ఇవ్వడం మీకు వచ్చినవే, వాటి జోలికి పోను. ఒక్కటే చెప్తాను. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ వస్తే అది వసూలు కాదు. బ్యాంకు ఖాతాలో కనిపించాకే పట్టికలో రాయండి.

ఇప్పుడు ఆ 40 ఫ్లాట్ల లెక్కే తీసుకుందాం. పండగకు వారం ముందు చేతికొచ్చింది 31 వేలనుకోండి. మీ బడ్జెట్ 31 వేలు, 40 కాదు. అందులో పదో వంతు, అంటే 3,100, పక్కన పెట్టండి. మిగిలింది 27,900. దీన్ని రోజులతో కాకుండా, ఖర్చు వచ్చే తీరును బట్టి రెండుగా చీల్చాలి.

మొదటిది ఒక్కసారే అయ్యే ఖర్చు. షామియానా, వేదిక, గుడ్డల అద్దె 9,000. సీరియల్ లైట్ల అద్దె, ఎలక్ట్రీషియన్ కూలీ 4,500. అరటి పిలకలు, మామిడాకుల తోరణాలు 1,400. చివరి రోజు విప్పడానికి, శుభ్రం చేయడానికి 1,000. మొత్తం 15,900. ఆఖరిదాన్ని మీలో చాలామంది రాయలేదు. పండగ అయిపోయాక మేకులు పీకడానికి, ఎండిన పూలు ఎత్తడానికి వచ్చిన మనుషులకు ఇవ్వడానికి డబ్బు లేక మళ్లీ వసూలు మొదలుపెట్టడం కన్నా ఇబ్బంది ఇంకొకటి ఉండదు.

మిగిలిన 12,000 రోజువారీ పూలకు, చిన్న సామానుకు. దీన్ని కూడా సమానంగా పంచకండి. మొదటి రోజు, మూలా నక్షత్రం నాటి సరస్వతీ అలంకారం, దుర్గాష్టమి, విజయదశమి, ఈ నాలుగు రోజులూ జనం ఎక్కువ వస్తారు, పూల ధర కూడా ఎక్కువే ఉంటుంది. వాటికి రోజుకు 1,800 చొప్పున 7,200. మిగతా ఆరు రోజులకు 800 చొప్పున 4,800. సరిగ్గా 12,000.

ఆలస్యంగా వచ్చే 9 వేలు వస్తే ఆ నాలుగు రోజులకు కలుపుకోండి. రాకపోతే పట్టిక చెక్కుచెదరదు.

పదో వంతు ఎందుకు దాచమన్నానంటే, రోజుల సంఖ్యే మారొచ్చు. తిథి రెండు రోజులు నిలిస్తే ఒక రోజు పెరుగుతుంది. 2025లో నవరాత్రులు సెప్టెంబరు 22న మొదలై దసరా అక్టోబరు 2న వచ్చింది, మొత్తం 11 రోజులు. పోయినేడాది పట్టిక కాపీ కొట్టినవాళ్లకు ఒక రోజు పూలు, ఒక రోజు అద్దె మీద పడతాయి. పంచాంగం చూశాకే పట్టిక వేయండి, షామియానా వాడితో తేదీలు చెప్పి మాట్లాడుకోండి, "పండగ అయ్యేదాకా" అని కాదు.

పూలు ఎంత కొనాలో అంచనా కూడా గాలిలో వేయకండి. మూర అంటే దాదాపు అడుగున్నర. గేటు వెడల్పు 12 అడుగులైతే తిన్నగా లాగి కడితే 8 మూరలు, కాస్త వంపు వచ్చేలా వేలాడదీస్తే 10 మూరలు పడుతుంది. ఒక పురికొసను కట్టాల్సిన చోట వేలాడదీసి, దాన్ని తీసి మూరలతో కొలిస్తే ఖచ్చితంగా తెలుస్తుంది. నేనైతే గేటుకు, స్తంభాలకు బంతిపూలే వాడతాను. నీళ్లు చిలకరిస్తుంటే రెండో రోజుకీ నిలబడతాయి, రోజు విడిచి రోజు మారిస్తే చాలు. మల్లెలు, కనకాంబరాలు అమ్మవారి దగ్గరికే పరిమితం చేయండి.

ఇక రోల్స్. నన్ను నిజంగా బాధపెట్టింది ఇక్కడే. మీరు పంపిన పనుల పట్టికలో పేరు రాయాల్సిన గడిలో "యూత్" అని, "లేడీస్" అని, "అందరూ" అని రాశారు. పూలు తెచ్చేది "యూత్" అని రాస్తే, పొద్దున్న ఐదున్నరకి పూల మార్కెట్‌కి వెళ్లాల్సింది ఎవరు? నలుగురు కుర్రాళ్లలో ప్రతివాడూ మిగతా ముగ్గురిలో ఒకడు వెళ్తాడనుకుంటాడు. ఆరున్నరకి పూలు రాలేదని తెలుస్తుంది, ఎనిమిదికి పూజ. అప్పుడు దగ్గర్లో దొరికినవి దొరికిన ధరకి తెస్తారు. 800 అనుకున్న రోజు 1,400 అవుతుంది. అంటే గడిలో పేరు లేకపోవడం వల్ల పోయేది క్రమశిక్షణ ఒక్కటే కాదు, డబ్బు కూడా. ఒక గడిలో ఒక మనిషి, పక్కన ఫ్లాట్ నంబరు, దాని పక్కన ఆ మనిషికి జ్వరమొస్తే వెళ్లే రెండో మనిషి. "ప్రసాద్ గారు, 304, రాలేకపోతే సునీత గారు, 107" అన్నట్టు ఉండాలి. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఊరెళ్తే ఇద్దరూ కలిసే వెళ్తారు.

రోజుకు నాలుగు పనులు చాలు: పూలు తేవడం, కట్టడం, రాత్రి పాతవి తీయడం, ఖర్చు రాయడం. ఆఫీసుకెళ్లేవాళ్లకు రాత్రి పని ఇవ్వండి, పొద్దున్న పని రిటైరయినవాళ్లు ఇష్టంగా చేస్తారు. ఒక నియమం మాత్రం మార్చకండి: డబ్బు దగ్గర పెట్టుకున్న మనిషి కొనకూడదు, కొన్న మనిషి లెక్క రాయకూడదు. నమ్మకం లేక కాదు. కొన్నవాళ్లే రాస్తే పూలవాడు చీటీ ఇవ్వని రోజు ఖర్చు రాత్రికి గుర్తుండదు. ముందురోజు రాత్రే 800 లెక్కపెట్టి ఇవ్వండి. సాయంత్రానికి మిగిలింది, చీటీ, చీటీ లేకపోతే ఎవరి దగ్గర ఎంతకు కొన్నారో రాసిన కాగితం తిరిగి తీసుకోండి.

లైట్ల పనికి మాత్రం వాలంటీర్లను పెట్టకండి. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి అన్ని లైన్లూ తగిలిస్తే ప్లగ్గు వేడెక్కుతుంది, వానొస్తే ఇంకా ప్రమాదం. రోజూ సాయంత్రం ప్లగ్గు పట్టుకుని చూడటం కూడా ఎలక్ట్రీషియన్ పనిలోనే చేర్చి మాట్లాడుకోండి.

అభ్యాసం: పైనున్న లెక్కను మీ అపార్ట్‌మెంట్‌కు వేయండి, కానీ ఖాతాలో ఇవాళ ఉన్న డబ్బుతోనే. తర్వాత ఈ ఏటి పంచాంగంలో రోజులు లెక్కపెట్టి, పది రోజులైతే నలభై గడులు, పదకొండైతే నలభై నాలుగు గడులు గీయండి. పేరు రాసిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి, "మీకిచ్చిన రోజు ఏది, ఎన్ని గంటలకు?" అని వాళ్లనే అడగండి. తడబడ్డ పేరు దగ్గర చుక్క పెట్టండి. చుక్కలు ఐదు దాటితే పట్టిక మళ్లీ వేసి, ఆ కొత్త పట్టికే నాకు పంపండి. నాలుగో పాఠంలో చీటీలు లేని ఖర్చులను జనరల్ బాడీ ముందు ఎలా పెట్టాలో చూద్దాం.